ఐదో నెల స్కాన్‌లో ‘మాయ కిందకు ఉంది’ అంటే ఆపరేషన్ ఖాయమైనట్టేనా?

ఐదో నెల స్కానింగు చేయించుకొని ఇంటికి చేరిన సాయంత్రం, నివేదికలోని ఒకే ఒక్క వాక్యం ఇంటిల్లిపాదినీ కలవరపెట్టడం నా వైద్యవృత్తిలో ఎన్నోసార్లు చూశాను. ‘ప్లాసెంటా పోస్టీరియర్, లో లైయింగ్’ అన్నది ఆ వాక్యం. మాయ గర్భాశయం వెనుక గోడకు అంటుకొని, కాస్త కిందుగా ఉన్నదని దాని అర్థం. అంతకు మించి ఆ వాక్యంలో ఏమీ లేదు. కానీ అది చేతికి అందిన మరునాటి నుంచి ఆ ఇంట్లో జరిగేవి చాలా ఉంటాయి. కోడలు మంచం దిగకూడదంటారు. ఉద్యోగం మాన్పిస్తారు. బొప్పాయి తిన్నందుకే మాయ జారిందని ఒకరు, మెట్లు ఎక్కినందుకని మరొకరు తీర్పులు చెబుతారు. చివరికి, ‘ఎలాగూ పెద్దాపరేషనే కదా’ అని పంచాంగం తెరిచి ముహూర్తం వెతుకుతారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. ఇరవయ్యో వారంలో మాయ కిందకు ఉన్నదని తెలియడం రోగనిర్ధారణ కాదు, మళ్ళీ చూడవలసిన తేదీని గుర్తు పెట్టుకోమని చెప్పే సూచన మాత్రమే. ప్రసవం ఎలా జరగాలో నిర్ణయించేది ముప్పై రెండో వారంలోనూ, అవసరమైతే ముప్పై ఆరో వారంలోనూ మిల్లీమీటర్లలో తీసే కొలత. ఆ కొలత లేకుండా ఆపరేషన్ తేదీ నిర్ణయించడం ఎంత తప్పో, నిజంగా ప్రమాదం ఉన్న గర్భిణిని ఆ కొలత లేకుండా తొమ్మిదో నెల వరకు వదిలేయడం అంతకంటె పెద్ద తప్పు. మన ప్రాంతంలో ఈ రెండు తప్పులూ పక్కపక్కనే జరుగుతున్నాయి.

ముందు మాయ సంగతి చూద్దాం. బిడ్డకు ఆహారాన్నీ ప్రాణవాయువునూ అందించే ఈ అవయవం సాధారణంగా గర్భాశయం పైభాగంలో అంటుకుంటుంది. ముందు గోడకు అంటుకుంటే ఆంటీరియర్ అనీ, వెనుక గోడకైతే పోస్టీరియర్ అనీ, పై కప్పుకైతే ఫండల్ అనీ నివేదికలో రాస్తారు. ఈ మూడూ సహజమైనవే. ముందుంటే ఆడపిల్ల, వెనుకుంటే మగపిల్లవాడు అని లెక్కలు కట్టేవారు ఇప్పటికీ నాకు కనిపిస్తుంటారు. దానికి ఏ ఆధారమూ లేదు, దయచేసి ఆ మాట నివేదికలో వెతకవద్దు. మనకు కావలసింది గోడ కాదు, దూరం. గర్భాశయం కింది కొసన కంఠం ఉంటుంది. ఆ కంఠానికి లోపలివైపు ఉండే ద్వారాన్ని నివేదికల్లో ‘ఇంటర్నల్ ఆస్’ అంటారు. బిడ్డ బయటకు రావలసిన దారి అదే. మాయ కింది అంచుకూ ఈ లోపలి ద్వారానికీ మధ్య ఎంత దూరం ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

పదహారు వారాలు దాటాక ఆ దూరం 20 మిల్లీమీటర్ల కంటె తక్కువగా ఉంటే మాయ కిందకు ఉన్నదంటారు. మాయ ఆ ద్వారాన్నే కప్పి ఉంటే దానిని ‘ప్లాసెంటా ప్రీవియా’ అంటారు, అంటే మాయ దారికి అడ్డంగా పడిందన్నమాట. నేను చదువుకున్న రోజుల్లో దీనిని ఒకటి నుంచి నాలుగు వరకు గ్రేడులుగా విభజించేవాళ్ళం. ఆ పద్ధతిని ఇప్పుడు వదిలేశారు. ‘గ్రేడ్ టూ’ అన్న మాట ఒక్కొక్క వైద్యునికి ఒక్కొక్క విధంగా అర్థమయ్యేది, కానీ 14 మిల్లీమీటర్లు అంటే అందరికీ 14 మిల్లీమీటర్లే.

ఇరవయ్యో వారంలో కిందకు కనిపించిన మాయలలో సుమారు నూటికి తొంభై ప్రసవ సమయానికి దారి నుంచి తప్పుకుంటాయి. నెలలు నిండేనాటికి మాయ నిజంగా అడ్డుగా మిగిలేది దాదాపు రెండు వందల గర్భాలలో ఒకదానికి. మాయ పైకి పాకుతుందని మనం వాడుకగా అంటాం, కానీ అది కాళ్ళున్న వస్తువు కాదు. జరిగేది వేరు. ఇరవయ్యో వారంలో గర్భాశయం కింది భాగం అర సెంటీమీటరు మాత్రమే ఉంటుంది. నెలలు నిండేనాటికి అది ఐదు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. గాలి ఊదని బుడగ మూతి దగ్గర ఒక చుక్క పెట్టి, తరువాత ఊది చూడండి. చుక్క జరగలేదు, కానీ మూతికీ దానికీ మధ్య దూరం పెరిగింది. దీనికి తోడు, రక్తప్రసరణ బాగా ఉండే పైభాగం వైపు మాయ అంచు పెరుగుతూ, రక్తం తక్కువగా అందే కింది అంచు క్షీణిస్తూ వస్తుంది. ఇందులో మంచంమీద పడుకోవడానికి పాత్ర లేదు. పడుకుంటే మాయ పైకి పోదు, నడిస్తే కిందకు జారదు. రక్తస్రావం లేని గర్భిణిని నెలల తరబడి పడుకోబెట్టడం వల్ల లాభం ఉన్నట్టు రుజువు లేదు. పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది, కండరాలు బలహీనపడతాయి, మనసు కుంగుతుంది.

అయితే మూడు సందర్భాలలో ఈ తొంభై శాతం ఆశ తగ్గుతుంది. మాయ ద్వారాన్ని కొద్దిగా తాకి ఉండటం వేరు, దాని మీదుగా బాగా అవతలికి వెళ్ళి ఉండటం వేరు. ఎంత ఎక్కువగా కప్పితే తప్పుకునే అవకాశం అంత తగ్గుతుంది. వెనుక గోడకున్న మాయ ముందు గోడకున్నదాని కంటె తక్కువగా తప్పుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది, అంతకుముందు సిజేరియన్ జరిగి ఉండటం. దాని సంగతికి తరువాత వస్తాను.

కొలత ఎలా తీశారన్నది కూడా మీకు తెలియాలి. టిఫా స్కాన్‌ను పొట్టమీద నుంచి చేస్తారు. మూత్రాశయం నిండుగా ఉంటే అది గర్భాశయం కింది భాగాన్ని నొక్కిపెట్టి, పైనున్న మాయను కూడా కిందకున్నట్టు చూపిస్తుంది. ఆ క్షణంలో గర్భాశయం కొద్దిగా బిగుసుకున్నా అదే భ్రమ కలుగుతుంది. నెలలు నిండుతున్నకొద్దీ బిడ్డ తల నీడ అడ్డుపడి, వెనుక గోడనున్న మాయ అంచు పొట్టమీద నుంచి కనిపించనే కనిపించదు. కాబట్టి ఖచ్చితమైన కొలతకు యోని ద్వారా చేసే స్కానే ప్రమాణం. ఈ మాట వినగానే చాలామంది భయపడతారు. ‘మాయ అడ్డుగా ఉంటే లోపల పరికరం పెట్టవచ్చునా?’ అని అడుగుతారు. పెట్టవచ్చు. ఆ పరికరం గర్భాశయ కంఠంలోకి పోదు. దానికి కొన్ని సెంటీమీటర్ల ఇవతలే ఆగి, కంఠాన్ని పక్క కోణం నుంచి చూస్తుంది. ప్రమాదం ఉన్నది వేళ్ళతో చేసే లోపలి పరీక్షలో. మాయ ఎక్కడున్నదో తెలియకుండా, రక్తం పోతున్న గర్భిణికి వేళ్ళతో లోపలి పరీక్ష ఎవరూ చేయకూడదు. వేలు నేరుగా మాయకు తగిలితే ఒక్క నిమిషంలో వరదలా రక్తం పోవచ్చు.

ఇప్పుడు ఒక గర్భిణి కథ చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చి. ఇరవై ఆరేళ్ళ యువతి, మొదటి కాన్పు. ముప్పై ఐదు వారాలు నిండాక అత్తగారితో కలిసి నా దగ్గరకు వచ్చింది. నా పరీక్ష కోసం కాదు, ఒక చిన్న సలహా కోసం. ఆమె చూపించుకుంటున్న ఆస్పత్రిలో ముప్పై ఏడో వారానికి ఆపరేషన్ అన్నారట. ఇంట్లోవాళ్ళు రెండు ముహూర్తాలు తీయించారు. ఆ రెండింటిలో ఏ రోజైతే బిడ్డకు మేలని వారి ప్రశ్న.

“ఆపరేషన్ దేనికమ్మా?” అని అడిగాను.

“మాయ కిందకు ఉందండీ, నార్మల్ కుదరదన్నారు” అన్నది అత్తగారు.

ఫైలు తీసి చూశాను. ఇరవయ్యో వారపు టిఫా నివేదికలో ‘పోస్టీరియర్, లో లైయింగ్, ఇంటర్నల్ ఆస్ నుంచి 9 మిల్లీమీటర్లు’ అని ఉన్నది. ఆ కొలత పొట్టమీద నుంచి తీసింది. ఆ తరువాత రెండు స్కాన్లు జరిగాయి, కానీ రెండింటిలోనూ బిడ్డ బరువు, ఉమ్మనీరు రాసి, మాయ ఎదురుగా ‘పోస్టీరియర్’ అని మాత్రమే వదిలేశారు. దూరం రాయలేదు. అంటే ఐదో నెలలో రాసిన ఒక అంకె మీద తొమ్మిదో నెల ఆపరేషన్ నిలబడి ఉన్నది. ఆ అమ్మాయి నాలుగు నెలలుగా మంచం దిగలేదు. ఒక్కసారి కూడా రక్తపు చుక్క పోలేదు.

ఆ మరునాడే యోని ద్వారా స్కాన్ చేయించాము. మూత్రవిసర్జన చేసి రమ్మని, ఖాళీ మూత్రాశయంతో చూస్తే మాయ అంచు ద్వారానికి 26 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నది. కలర్ డాప్లర్‌తో ద్వారం మీద రక్తనాళాలేవైనా ఉన్నాయేమో కూడా చూశారు, లేవు. 20 మిల్లీమీటర్లు దాటితే మాయ ప్రసవానికి అడ్డు కాదు. అది మామూలు గర్భమే. ఈ మాటను రెండు వాక్యాల ఉత్తరంగా రాసి ఆమె వైద్యురాలికి పంపాను. ఆమె వెంటనే ఒప్పుకున్నది. ముప్పై తొమ్మిదో వారంలో నొప్పులు వాటంతట అవే వచ్చి, 2.9 కిలోల బిడ్డ సాధారణ ప్రసవంలో పుట్టింది.

నిజంగా మాయ అడ్డంగా ఉండి ఉంటే ముప్పై ఏడో వారపు నిర్ణయంలో తప్పేమీ లేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. రక్తస్రావం లేని ప్రీవియాకు ముప్పై ఆరు, ముప్పై ఏడు వారాల మధ్యనే సిజేరియన్ చేస్తారు. నొప్పులు మొదలయ్యేవరకు ఆగితే, కంఠం తెరుచుకునేకొద్దీ మాయ ఊడి రక్తం పోతుంది కాబట్టి. మధ్యలో రక్తస్రావం జరుగుతూ ఉంటే ముప్పై నాలుగో వారం తరువాత ఎప్పుడైనా చేయవలసి రావచ్చు. ఆ తొందరకు బిడ్డ కొంత మూల్యం చెల్లిస్తాడు. ముప్పై ఏడు వారాలకే, నొప్పులు రాకముందే ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డలకు శ్వాస ఇబ్బంది ముప్పై తొమ్మిది వారాలకు పుట్టినవారి కంటె ఎక్కువగా వస్తుంది. తల్లి ప్రాణం కోసమైతే ఆ మూల్యం న్యాయమే. పాత అంకె కోసమైతే కాదు.

మరి 26కు బదులు 15 మిల్లీమీటర్లు వచ్చి ఉంటే? ఈ మధ్యస్థ ప్రాంతంలోనే కుటుంబాలకూ వైద్యులకూ ఎక్కువ తికమక. ముప్పై ఆరో వారంలో దూరం 11 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉండి, అంతకుముందు రక్తస్రావం లేకపోతే, రక్తమూ శస్త్రచికిత్స సదుపాయమూ సిద్ధంగా ఉన్న ఆస్పత్రిలో సాధారణ ప్రసవానికి ప్రయత్నించవచ్చు. చాలామందికి అది సఫలమవుతుంది. 10 మిల్లీమీటర్లు, అంతకంటె తక్కువైతే సాధారణంగా సిజేరియనే మేలు. మాయ అంచు దళసరిగా ఉన్నా, బిడ్డ తల పైనే ఆగిపోయినా నిర్ణయం ఆపరేషన్ వైపు మొగ్గుతుంది. ఈ 11–20 వర్గంలోని తల్లికి ప్రసవం సాఫీగా జరిగినా ఒక జాగ్రత్త మిగులుతుంది. మాయ ఊడిన తరువాత గర్భాశయం పైభాగపు కండరాలు బిగుసుకొని రక్తనాళాల మూతులను తాళ్ళతో కట్టినట్టు మూసేస్తాయి. కింది భాగంలో కండరం పలుచన, ఆ బిగింపు అక్కడ చాలదు. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుందని గుర్తుంచుకుంటే, కాన్పు తరువాతి తొలి గంటలను ఎందుకు అంత శ్రద్ధగా చూస్తారో అర్థమవుతుంది.

ఇంకొక విషయం, అరుదైనదే అయినా విడిచిపెట్టలేనిది. కిందనున్న మాయ పైకి పోయిందని సంతోషిస్తున్నప్పుడు, కింది అంచు క్షీణించినచోట దానిలోని రక్తనాళాలు మాత్రం ఆధారం లేకుండా పొరల మీద మిగిలిపోవచ్చు. అవి ద్వారం మీదుగా పోతుంటే దానిని ‘వాసా ప్రీవియా’ అంటారు. ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు అవి తెగితే పోయేది తల్లి రక్తం కాదు, బిడ్డ రక్తం. బిడ్డ శరీరంలో ఉండే రక్తమే చాలా కొద్ది. అందుకే ముప్పై రెండో వారపు స్కాన్‌లో మాయ తప్పుకున్నదని తేలినా, కలర్ డాప్లర్‌తో ఒకసారి ఆ ద్వారం మీద చూడమని అడగాలి. పైన చెప్పిన అమ్మాయికి అది చేయించింది ఇందుకే.

ఇక సిజేరియన్ సంగతి. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం రెండో కథలో ఉన్నది.

ఇరవై తొమ్మిదేళ్ళ స్త్రీ, రెండో కాన్పు, మొదటిది ఆపరేషన్. మూడేళ్ళ పాప. టిఫాలో ‘ఆంటీరియర్, లో లైయింగ్’ అని ఉన్నది, అంతే. ఆమెను ఎవరూ భయపెట్టలేదు, ఎలాగూ మళ్ళీ ఆపరేషనే కదా, మాయ ఎక్కడుంటే ఏమిటని ఆ ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. ముప్పై ఒకటో వారంలో ఒక రాత్రి బట్టలు తడిసి మెలకువ వచ్చింది. ఎర్రని రక్తం. నొప్పి లేదు. గంటలో ఆగిపోయింది. ‘ఆగిపోయింది కదా’ అని తెల్లవారేవరకు ఎదురుచూశారు.

నొప్పి లేకుండా, ఎర్రగా, ఉన్నట్టుండి వచ్చి దానంతటదే ఆగే రక్తం, ఇది కిందనున్న మాయ వేసే మొదటి కేక. మొదటిసారి చాలా సందర్భాలలో ప్రాణాంతకం కాదు. రెండోసారి ఎప్పుడు, ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆగినంత మాత్రాన ఇంట్లో ఉండవలసిన రక్తం కాదు అది. ఆ రాత్రే 108కు ఫోను చేయవలసింది.

ఉదయం వచ్చినప్పుడు ఆమె హిమోగ్లోబిన్ 8.6. లోపలి పరీక్ష చేయలేదు. స్కాన్ పెట్టి చూశాను. మాయ ద్వారాన్ని పూర్తిగా కప్పి, ముందు గోడ మీదుగా పాత కుట్టు ఉన్నచోటికి పాకి ఉన్నది. మాయకూ గర్భాశయ కండరానికీ మధ్య ఉండవలసిన సన్నని నల్లని గీత అక్కడ కనిపించలేదు. మాయలో పురుగు తొలిచినట్టు ఎగుడుదిగుడు రక్తపు మడుగులు ఉన్నాయి. మూత్రాశయం వైపు గర్భాశయపు గోడ తెల్లని గీత అక్కడక్కడ తెగినట్టుంది. మాయ కిందకు ఉండటం మాత్రమే కాదు ఇది, పాత గాయపు మచ్చలోకి మాయ వేళ్ళూనుకోవడం. ‘ప్లాసెంటా అక్రీటా’ అంటారు. ప్రసవమయ్యాక మామూలు మాయ ఒలిచిన తొక్కలా ఊడివస్తుంది. ఇది ఊడదు. ఊడదీయబోతే రక్తం ఆగదు.

మచ్చకూ మాయకూ ఈ సంబంధం ఎంత బలమైనదో చెప్పడానికి అమెరికాలో ముప్పై వేలకు పైగా సిజేరియన్లను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటి చాలు. మాయ దారికి అడ్డుగా ఉన్న స్త్రీలలో, అంతకుముందు సిజేరియన్ లేనివారికి అక్రీటా నూటికి 3 మందిలో కనిపించింది. ఒక సిజేరియన్ జరిగినవారిలో 11 మందిలో, రెండు జరిగినవారిలో 40 మందిలో. ఇప్పుడు మన రాష్ట్రాల అంకెలు దీని పక్కన పెట్టి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాలలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తానికి ఆ అంకె 21.5. అంటే రెండో కాన్పుకు వచ్చే తెలుగు తల్లులలో పాత కుట్టు ఉన్నవారు చాలా ఎక్కువ. వీరికి టిఫాలో ‘ముందు గోడ, కిందకు’ అని వస్తే, ‘తొంభై శాతం తప్పుకుంటాయిలే’ అన్న ఓదార్పు చాలదు. మచ్చ మీద మాయ ఉన్నదా అని అనుభవజ్ఞులైన స్కానింగ్ నిపుణులతో ఇరవై ఎనిమిదో వారంలోపే ప్రత్యేకంగా చూపించుకోవాలి.

ఆమెకు ఆ రోజే బిడ్డ ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టి, అరవై కిలోమీటర్ల దూరంలోని వైద్య కళాశాల ఆస్పత్రికి పంపాను. భర్త చాలా సేపు వాదించాడు. “మన ఊళ్ళోనే సర్జను ఉన్నారు కదండీ, అంత దూరం ఎందుకు?” అన్నాడు. సర్జను ఉన్నారు, నిజమే. కానీ రక్తనిధి లేదు, మూత్రాశయానికి గాయమైతే సరిచేసే యూరాలజిస్టు లేడు, ముప్పై అయిదు వారాల బిడ్డను చూసే నవజాత శిశు విభాగం లేదు. ఇటువంటి ప్రసవంలో కత్తి పట్టే చేయి ఒక్కటే చాలదు. ఈ మాట అతనికి నచ్చజెప్పడానికి నాకు గంట పట్టింది.

ఆమె ప్రసవమయ్యేదాకా అక్కడే ఉన్నది. రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కించి హిమోగ్లోబిన్‌ను నాలుగు వారాలలో 10.4కు తెచ్చారు. ముప్పై అయిదో వారం నిండాక, పగటి వేళ, రక్తం సిద్ధం చేసుకొని ఆపరేషన్ చేశారు. మాయ లేని పైభాగంలో కోత పెట్టి బిడ్డను తీసి, మాయను ముట్టుకోకుండా గర్భాశయాన్ని తొలగించారు. అయిదు యూనిట్ల రక్తం ఎక్కించవలసి వచ్చింది. బిడ్డ 2.2 కిలోలు, ఆరు రోజులు శిశువిభాగంలో ఉన్నది. తల్లీబిడ్డలు పన్నెండో రోజున ఇంటికి చేరారు.

తరువాత ఎప్పుడో ఆమె పాత ఫైలు నా చేతికి వచ్చింది. మొదటి సిజేరియన్ ఎందుకు చేశారో చూద్దామని తిరగేశాను. కారణం దగ్గర ‘లో లైయింగ్ ప్లాసెంటా’ అని రాసి ఉన్నది. దాని వెనుక ఉన్న స్కాన్ ఇరవై ఒకటో వారానిది, 12 మిల్లీమీటర్లు. ఆ తరువాత కొలత ఏదీ లేదు. ఆ మాయ తప్పుకున్నదో లేదో ఇప్పుడు చెప్పలేము. తొంభై శాతం లెక్కన తప్పుకొనే ఉంటుందని మాత్రం నాకు ఆ ఫైలు మూసినప్పుడు అనిపించింది. ఆ ఒక్క స్కాన్ చేసి ఉంటే రెండో కాన్పు నాటికి మాయ పాకడానికి అక్కడ మచ్చే ఉండకపోవచ్చు.

వైద్యులను ఒక్కరినే నిందించడం నా ఉద్దేశం కాదు. స్కాన్ చేసే కేంద్రం ఒకటి, ప్రసవం చేసే ఆస్పత్రి మరొకటి. కొలతను అడిగేవారు లేకపోతే రాసేవారూ ఉండరు. కుటుంబం ముహూర్తం కోసం తొందరపెడుతుంటే, రాత్రివేళ రక్తస్రావం వస్తే ఏమవుతుందోనన్న భయం వైద్యుని వెంటాడుతుంటే, పాత నివేదిక ఒక సాకుగా సులభంగా దొరుకుతుంది. నేను కూడా వృత్తిలో చేరిన తొలి ఏళ్ళలో, యోని ద్వారా స్కాన్ చేసే పరికరం అందుబాటులో లేని కాలంలో, అటువంటి నిర్ణయాలు తీసుకున్నాను. అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు ఆ పరికరం చిన్న పట్టణాలలో కూడా ఉన్నది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరి నివేదికలోనైనా ఆ మాట కనిపిస్తే, ముందుగా దూరం ఎన్ని మిల్లీమీటర్లో, పాత కుట్టు ఉన్నదో లేదో చూడండి. కుట్టు లేకుండా, రక్తస్రావం లేకుండా ఉంటే మామూలుగా నడుస్తూ, పనిచేసుకుంటూ ఉండవచ్చు. బరువైన పనులు మానుకుంటే చాలు. మాయ ద్వారాన్ని కప్పి ఉంటే దాంపత్య సంబంధం విషయం మీ వైద్యురాలిని సిగ్గుపడకుండా అడగండి, సాధారణంగా వద్దంటారు. ముప్పై రెండో వారానికి యోని ద్వారా స్కాన్ తేదీ ఇప్పుడే ఫైలు అట్టమీద రాసుకోండి. అప్పటికీ 20 మిల్లీమీటర్లు దాటకపోతే ముప్పై ఆరో వారంలో మరొకటి. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ పరీక్షలకు వెళ్ళేవారు ఈ నివేదికను అక్కడి వైద్యురాలికి తప్పక చూపించండి. ప్రమాదం ఉన్న గర్భాలను గుర్తించడానికే ఆ రోజు ఏర్పాటైంది.

ముప్పై రెండో వారం తరువాత కూడా మాయ అడ్డుగానే ఉంటే ఇంటికీ ఆస్పత్రికీ మధ్య ఎంత సమయం పడుతుందో కొలవండి, పగలు కాదు, రాత్రి పూట. ఆ దారిలో రక్తం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోండి. పుట్టింటికి వెళ్ళే ఆచారం మంచిదే, కానీ పుట్టిల్లు సదుపాయాలకు దూరమైన పల్లె అయితే ఈసారి అమ్మే కూతురి దగ్గరకు రావాలి. తల్లి రక్తం నెగెటివ్ వర్గమైతే రక్తస్రావమైన ప్రతిసారీ యాంటీ–డి ఇంజెక్షన్ విషయం వైద్యునికి గుర్తు చేయండి. అదే వర్గపు రక్తం ఉన్న ఇద్దరు ముగ్గురు బంధువుల ఫోను నంబర్లు ఫైలులోనే ఉంచండి. రక్తం కనిపించిన క్షణాన తడిసిన బట్టలను పారవేయకుండా వెంట తెండి, ఎంత పోయిందో మాటలకంటె అవే బాగా చెబుతాయి. ఫైలు, అందులో చివరి కొలత ఉన్న కాగితం అన్నిటికన్నా పైన పెట్టుకొని బయలుదేరండి. అంబులెన్సు దిగిన చోట మొదట చూసే వైద్యుడు మిమ్మల్ని ఎరగడు. వేళ్ళతో పరీక్ష చేయవద్దని అతనికి చెప్పేది ఆ కాగితమే.